రెండు పాచికల మొత్తం

రెండు పాచికలను ఒకేసారి వేసి, పైకి తేలిన అంకెలను కలిపితే 2 నుంచి 12 దాకా ఏదో ఒక సంఖ్య వస్తుంది. ఈ పదకొండు మొత్తాల్లో దేనికి ఎంత అవకాశం ఉందో చూపే పట్టికే దాని సంభావ్యతా విభాజనం. దీనికి పెద్ద సూత్రాలు అక్కర్లేదు, జాగ్రత్తగా లెక్కపెడితే చాలు. అమెరికాలో ‘క్రాప్స్’ అనే పాచికల జూదంలో చెల్లింపులు ఈ లెక్క మీదే నడుస్తాయి.

లెక్కపెట్టే తీరు

ఒక పాచిక ఎర్రది, ఇంకొకటి తెల్లది అనుకుందాం. ఎర్రదాని మీద ఏ అంకె పడినా, తెల్లదాని మీద ఆరింటిలో ఏదైనా పడవచ్చు. కాబట్టి 6 × 6 = 36 విధాలు. పాచికలు సమతూకంగా ఉంటే ఈ 36 విధాలకూ సమాన అవకాశం ఉంటుంది.

| మొత్తం | విధాలు |
|---|---|
| 2, 12 | ఒక్కోదానికి 1 |
| 3, 11 | ఒక్కోదానికి 2 |
| 4, 10 | ఒక్కోదానికి 3 |
| 5, 9 | ఒక్కోదానికి 4 |
| 6, 8 | ఒక్కోదానికి 5 |
| 7 | 6 |

కొత్తవాళ్లు సాధారణంగా తప్పేది 11 దగ్గర. 12 రావాలంటే 6, 6 పడాలి. 11 రావాలంటే 5, 6 పడాలి. రెండూ ఒక్కో విధమే కదా అనిపిస్తుంది. లైబ్నిజ్ అంతటి గణితవేత్త కూడా ఇలాగే పొరబడ్డాడు. ఎర్రది 5, తెల్లది 6 పడటం ఒక విధం; ఎర్రది 6, తెల్లది 5 పడటం మరో విధం. రెండు పాచికలకూ ఒకే రంగు వేసినా అవి రెండు వేర్వేరు వస్తువులే. అందుకే 12 కంటే 11 రెట్టింపు తరచుగా పడుతుంది.

అమెరికాలో

ఇంగ్లండులో ఆడే ‘హజార్డ్’ అనే ఆట నుంచి క్రాప్స్ పుట్టింది. 19వ శతాబ్దం మొదట్లో అది న్యూ ఆర్లియన్స్‌లో వేళ్లూనుకుంది. అక్కడి భూస్వామి బెర్నార్డ్ ద మారిన్యీ తన తోటను ఇళ్ల స్థలాలుగా విడగొట్టినప్పుడు ఒక వీధికి ఈ ఆట పేరే పెట్టాడు. 1931లో నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేశాక క్రాప్స్ అక్కడి కాసినోల్లో స్థిరపడింది.

ఆటలో మొదటిసారి వేసినప్పుడు 7 గాని 11 గాని పడితే గెలుపు. 2, 3, 12 పడితే ఓటమి. వేరే ఏ సంఖ్య పడినా అది ‘పాయింట్’ అవుతుంది. ఆ తర్వాత 7 కంటే ముందు పాయింట్ మళ్లీ పడితేనే గెలుపు. పాయింట్ 4 అనుకుందాం. దాన్ని తెచ్చే విధాలు 3, ఓడించే 7ను తెచ్చే విధాలు 6. మిగతా మొత్తాలతో గెలుపూ లేదు, ఓటమీ లేదు. కనుక గెలిచే అవకాశం 9లో 3, అంటే మూడింట ఒక వంతు. పాయింట్ పడ్డాక అదనంగా కట్టే ‘ఆడ్స్’ పందేనికి కాసినో చెల్లించేదీ సరిగ్గా ఈ అవకాశానికి తగ్గట్టే: 4కు ఒకటికి రెండు, 5కు రెండుకు మూడు, 6కు అయిదుకు ఆరు. ఆ పందెంలో కాసినోకు లాభం లేదు. దాని లాభం మొదట కట్టే పందెంలో ఉంది: అక్కడ సగటున 495 పందేల్లో ఆటగాడు గెలిచేవి 244, ఓడేవి 251.

పాచిక ఒకవైపు బరువైతే 36 విధాలకూ సమాన అవకాశమన్న మాట చెల్లదు, పట్టిక మొత్తం తప్పుతుంది. అందుకే కాసినో పాచికలను లోపల దాచిన బరువు కంటబడేలా పారదర్శకంగా చేస్తారు. చుక్కల గుంటలను తొలిచిన పదార్థమంతే బరువున్న పదార్థంతో పూడుస్తారు.

సగటు, విస్తృతి

పట్టిక 7కు రెండు వైపులా ఒకేలా ఉంది కాబట్టి సగటు 7. ఒక్కో పాచిక సగటు 3.5 కావడంతో, రెండూ కలిపినా అదే వస్తుంది.

మొత్తాలు 7 నుంచి ఎంత చెదిరి ఉన్నాయో విస్తృతి చెబుతుంది. ప్రతి మొత్తానికీ 7తో ఉన్న తేడాను వర్గం చేసి, దాన్ని విధాల సంఖ్యతో గుణించాలి. 2, 12 జంట నుంచి 25 × 2 = 50 వస్తుంది. అలాగే 3, 11 నుంచి 64; 4, 10 నుంచి 54; 5, 9 నుంచి 32; 6, 8 నుంచి 10. 7 నుంచి ఏమీ రాదు. అన్నీ కలిపితే 210. దాన్ని 36తో భాగిస్తే 35/6, సుమారు 5.83. దీని వర్గమూలం సుమారు 2.42, అదే ప్రామాణిక విచలనం. సగటుకు అటూ ఇటూ అంత దూరంలో ఉండే 5 నుంచి 9 వరకు మొత్తాలు 36లో 24 విధాలను, అంటే మూడింట రెండు వంతులను ఆక్రమిస్తాయి.

ఒక్క పాచిక విస్తృతి 35/12. దాన్ని రెండుసార్లు కలిపినా 35/6 వస్తుంది. ఒక పాచిక ఫలితం రెండోదాన్ని ప్రభావితం చేయనప్పుడే విస్తృతులను ఇలా కలపవచ్చు.

సికర్మన్ పాచికలు

న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలోకు చెందిన జార్జ్ సికర్మన్ ఒక వింత జతను కనుగొన్నాడు. 1978లో మార్టిన్ గార్డ్‌నర్ ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో దాన్ని లోకానికి తెలిపాడు. ఒక పాచిక మీద 1, 2, 2, 3, 3, 4. రెండోదాని మీద 1, 3, 4, 5, 6, 8 ఉంటాయి. 36 విధాలూ రాసి చూస్తే పై పట్టికే తిరిగి వస్తుంది. విడివిడిగా వీటి సగటులు 2.5, 4.5, విస్తృతులు 11/12, 59/12. కలిపితే సగటు 7, విస్తృతి 70/12, అంటే మళ్లీ 35/6.