ఫోన్‌లో పట్టిన సూపర్ రిజల్యూషన్: ఒక పునఃపరిశీలన

తక్కువ స్పష్టత ఉన్న బొమ్మను లేదా వీడియోను పెంచి చూపడాన్ని సూపర్ రిజల్యూషన్ అంటారు. ఇక్కడి విషయం దాన్ని ఫోన్‌లోనే, వీడియో ఆడుతుండగానే చేయడం. దీని చరిత్రను సాధారణంగా ఇలా చెబుతారు: ముందు పెద్ద మోడల్ వచ్చింది, డిస్టిలేషన్ దాని విద్యను చిన్న మోడల్‌కు నేర్పింది, క్వాంటైజేషన్ అంకెలను కుదించింది. ఇది ఫోన్‌లో పట్టడానికి అసలు కారణం ఈ కథలో మరుగున పడింది.

2014లో ఎస్ఆర్‌సీఎన్ఎన్ మార్గం తెరిచింది. 2016లో ఈఎస్‌పీసీఎన్ లెక్కంతా చిన్న ఫ్రేమ్ మీదే చేసి, చివర్లో మాత్రమే పిక్సెళ్లను పెద్ద ఫ్రేమ్‌గా సర్దింది. 2017 నాటి ఈడీఎస్ఆర్ పెద్ద రూపంలో సుమారు 4.3 కోట్ల పారామితులుండేవి. సెకనుకు 30 ఫ్రేములు ఆడాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికేది 33 మిల్లీసెకన్లే. కాబట్టి అది ఫోన్‌కు అందలేదు.

చిక్కంతా 2016కూ 2021కీ మధ్యలో ఉంది. చిన్న మోడళ్లు అప్పటికే ఉన్నా, 8 బిట్లకు దించగానే వాటి బొమ్మ చెడేది. 8 బిట్లంటే 256 మెట్లు. ఒక పొరలో విలువలు -8 నుంచి 8 దాకా ఉంటే మెట్టు ఎత్తు 0.063. ఒక్క విలువ దారితప్పి 64కు చేరితే మెట్టు 0.28 అవుతుంది, మిగతా విలువలన్నీ నాలుగున్నర రెట్లు మొరటుగా గుండ్రమవుతాయి. నునుపైన ఆకాశంలో చారలు కనిపిస్తే, పూర్ణాంక మోడల్ ఫలితం దశాంశ మోడల్ కంటే బాగా పడిపోతే, అనుమానించవలసింది దీన్నే.

2021లో ఏబీపీఎన్ దీనికి మందు కనిపెట్టింది. మూడు రెట్లు పెంచాలంటే మూల ఫ్రేమును 9 సార్లు పేర్చి, చివరి పొర ఫలితానికి కలిపింది. దాంతో మోడల్ బొమ్మనంతా గీయనక్కర్లేదు, తేడాను మాత్రం చెబితే చాలు. 8 బిట్ల ఎఫ్ఎస్ఆర్‌సీఎన్ఎన్ కంటే సుమారు 2 డెసిబెళ్లు మెరుగైందని దాని రచయితలు చూపారు. అదే ఏడాది ఎక్స్ఎల్ఎస్ఆర్ చివరి పొర విలువలకు పైహద్దు కట్టింది. కుదింపు అనేది తర్వాత అతికించే పని కాదని, మోడల్ రూపంలోనే ఉండవలసిన గుణమని ఈ రెండూ తేల్చాయి.

డిస్టిలేషన్ పాత్ర అంత పెద్దది కాదు. 2015లో హింటన్ బృందం దాన్ని వర్గీకరణ కోసం వివరించింది. అక్కడ గురువు చెప్పే సంభావ్యతలు విద్యార్థికి కొత్త సమాచారం. సూపర్ రిజల్యూషన్‌లో ప్రతి పిక్సెల్‌కూ అసలు జవాబు ముందే ఉంటుంది, గురువు కలిపేది కొద్దే. జవాబు దొరకని నిజమైన వీడియోల విషయంలో మాత్రం గురువుకు విలువ ఉంది.

నేటి ఫలితాలను డెసిబెళ్లతో మాత్రమే మెచ్చుకోవడం సరికాదు. పరీక్షలకు ఎక్కువగా వాడేది శుభ్రమైన బొమ్మలనే. రైల్లోంచి తీసిన 360 గీతల వీడియోలో హరిశ్చంద్రపురం స్టేషన్ బోర్డు కనిపించిందనుకుంటే, ‘శ్చ’ కింది చ-ఒత్తు రెండు మూడు పిక్సెళ్లలో కలిసిపోతుంది. మోడల్ అక్కడ పదునైన గీత గీయవచ్చు గాని, అది ఏ ఒత్తో చెప్పే ఆధారం ఫ్రేములో లేదు. గురువు ఊహించి గీసేదైతే శిష్యుడికీ అదే అలవాటవుతుంది. ఫోన్ వేడెక్కి వేగం తగ్గితే 33 మిల్లీసెకన్ల హద్దూ తప్పుతుంది. పది నిమిషాలు ఆడించి చూడని వేగాన్ని, అక్షరాల మీద చూడని స్పష్టతను ఇంకా నమ్మలేం.