నీడ కొలిచి ఎత్తు చెప్పే లెక్క

ఫొటోలో పడిన నీడ పొడవు, ఆ క్షణంలో సూర్యుడు దిక్చక్రానికి పైన ఉన్న కోణం. ఈ రెండూ తెలిస్తే చెట్టైనా మేడైనా దాని ఎత్తు లెక్కకట్టవచ్చు. నేల చదునుగా ఉంటే సూత్రం ఇంతే: h = L × tan(e). ఇందులో h ఎత్తు, L నీడ పొడవు, e సూర్యుని కోణం.

ఫొటో పుట్టకముందే ఈ ఆలోచన ఉంది. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దపు గ్రీకు తత్త్వవేత్త థేల్స్ మనిషి నీడ మనిషంత అయ్యే వేళ చూసి ఈజిప్టు పిరమిడ్ ఎత్తు కొలిచాడని ప్రాచీన రచయితలు చెప్పారు. అప్పుడు సూర్యుడు 45 డిగ్రీల మీద ఉంటాడు. అయితే బయటికి కనిపించే నీడ ఒక్కటే కొలిస్తే చాలదు. నీడను శిఖరానికి సరిగ్గా కింద ఉన్న బిందువు నుంచి లెక్కించాలి గనుక, పిరమిడ్ అడుగున దాగిన భాగాన్నీ కలపాలి. మన దగ్గర ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలో దీపం, శంకువు నీడల లెక్కలు చెప్పాడు.

కెమెరా విమానమెక్కాక ఎండ అనుకూలించే వేళ కోసం నేల మీద కాచుకోవలసిన పని తప్పింది. ఫొటో తీసిన తేదీ, సమయం, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే కోణాన్ని ఖగోళ పట్టికల నుంచి తీయవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్‌లోని మెడ్‌మెన్‌హామ్ కేంద్రంలో విమాన చిత్రాలను చదివినవారికి నీడలు ముఖ్యమైన ఆధారం. కెనడా అటవీ నిపుణుడు హెచ్.ఇ. సీలీ 1942లో నీడలతో చెట్ల ఎత్తు కట్టే పద్ధతిని వివరించాడు. ఆ దేశపు సూదిమొన లాంటి స్ప్రూస్ చెట్లకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. గుండ్రని గుబురున్న మామిడికి నప్పదు. ఎండ దాని నడినెత్తిని కాక గుబురు పక్కభాగాన్ని ఒరుసుకుంటూ పోతుంది. సూర్యుడు 45 డిగ్రీల మీద ఉండి, గుబురు 5 మీటర్ల వ్యాసార్ధంతో బంతిలా ఉంటే, లెక్క అసలు ఎత్తుకంటే 2 మీటర్లు ఎక్కువ చూపుతుంది.

చార్మినార్‌నే తీసుకుందాం. డిసెంబరు 21న హైదరాబాద్‌లో సూర్యుడు మధ్యాహ్నం సుమారు 12 గంటల 14 నిమిషాలకు నడిమింటికి వస్తాడు. కోణం దాదాపు 49.2 డిగ్రీలు, దాని టాన్ విలువ 1.16. అప్పటి ఉపగ్రహ చిత్రంలో ఒక మినారు నీడ, దాని అడుగు నుంచి ఉత్తరంగా 48 మీటర్లు వచ్చిందనుకుంటే, ఎత్తు 55.7 మీటర్లు. పుస్తకాల్లో చెప్పే 56 మీటర్లకు ఇది చాలా దగ్గర.

చిక్కంతా నీడ కొసలోనే ఉంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకే ఇంత దూరం సాగిన నీడ అంచు దాదాపు మీటరు మేర పలచబడుతుంది, మినారు పైనున్న సన్నని కలశం నీడ అందులో కలిసిపోతుంది. కొలతలో ఒక మీటరు తగ్గితే ఎత్తులో 1.16 మీటర్లు తగ్గుతుంది. నీడ కొస 4 మీటర్ల దుకాణం కప్పు మీద పడితే లెక్క కూడా 4 మీటర్లు తక్కువ వస్తుంది. కప్పు అంచు దగ్గర నీడ విరిగినట్టు కనిపిస్తే అదే జరిగిందని గుర్తుపట్టవచ్చు. ఇక మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో హైదరాబాద్‌లో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. ఆ వేళ తీసిన చిత్రంలో కొలవడానికి నీడే ఉండదు.