జర్మనీకి చదువుకు వెళ్తున్నారా? తొలి నెలకు 992 యూరోలు చాలవు.. లెక్క ఇదీ

జర్మనీ స్టూడెంట్ వీసాకు అప్లై చేసిన ప్రతి ఇంట్లోనూ వినిపించే అంకె ఒకటుంది.. 11,904 యూరోలు. 2024 సెప్టెంబరు నుంచి బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాల్సిన మొత్తం ఇది. దీన్ని పన్నెండుతో భాగిస్తే నెలకు 992 వస్తుంది. ‘నెల నెలా 992 వస్తాయి కదా, ఇంకేం కావాలి’ అని చాలామంది తల్లిదండ్రులు నిశ్చింతగా ఉంటారు. కానీ విమానం దిగిన రోజు ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. పైగా మొదటి నెల ఖర్చు 992 దగ్గర అస్సలు ఆగదు. ఈ వీడియోలో చెబుతున్నది ఆ ఒక్క నెల గురించే.

ముందు డబ్బు ఎందుకు చేతికి రాదో చూద్దాం. బ్లాక్డ్ అకౌంట్ నుంచి ప్రతి నెలా వచ్చే మొత్తం, మీరు జర్మనీలో తెరిచిన మామూలు బ్యాంకు ఖాతాలోకి పడుతుంది. ఆ ఖాతా తెరవాలంటే చాలా బ్యాంకులు అడ్రస్ రిజిస్ట్రేషన్ కాగితం అడుగుతాయి. దీన్నే అక్కడ అన్‌మెల్డుంగ్ అంటారు. అన్‌మెల్డుంగ్ చేయించుకోవాలంటే, ‘ఈయన మా ఇంట్లో ఉంటున్నారు’ అని ఇంటి ఓనర్ సంతకం చేసిన కాగితం కావాలి. హాస్టల్‌లో, రోజువారీ అద్దె గదుల్లో ఉంటే సాధారణంగా ఆ కాగితం ఇవ్వరు. అంటే గది దొరక్కపోతే రిజిస్ట్రేషన్ లేదు, రిజిస్ట్రేషన్ లేకపోతే ఖాతా లేదు, ఖాతా లేకపోతే మన డబ్బు మనకే రాదు. ఇల్లు మారిన రెండు వారాల్లో రిజిస్టర్ చేసుకోవాలని చట్టం చెబుతుంది కానీ, బెర్లిన్ లాంటి సిటీలో అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద పని.

కొన్ని ఆన్‌లైన్ బ్యాంకులు పాస్‌పోర్టు, వీసా చూసి ఖాతా ఇచ్చేస్తాయి. ఇలాంటిదేదో మీకు పనికొస్తుందా అని బయల్దేరకముందే చూసుకోండి. అలాగే మీ బ్లాక్డ్ అకౌంట్ కంపెనీ డబ్బు విడుదలకు ఏ కాగితాలు అడుగుతుందో మెయిల్ పెట్టి తెలుసుకోండి. అన్ని కంపెనీలకూ ఒకే రూల్ లేదు.

బెర్లిన్ లెక్క

ఇప్పుడు అంకెల్లోకి వెళ్దాం. కరీంనగర్ నుంచి ఒక విద్యార్థి సెప్టెంబరు చివర్లో బెర్లిన్ చేరాడనుకుందాం. మొదటి పది రోజులు హాస్టల్. రోజుకు 40 యూరోల చొప్పున 400 అయ్యాయి. తర్వాత మరో ఇద్దరితో కలిసి ఉండే ఫ్లాట్‌లో ఒక గది దొరికింది. అద్దె 600. ఇందులో గది అద్దె ఒక్కటే అయితే 480. మిగతా 120 హీటింగ్, నీళ్లు, మెయింటెనెన్స్‌కి. ఈ 480ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

హెల్త్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రభుత్వ వ్యవస్థలో విద్యార్థులకు నెలకు దాదాపు 150. తిండికి, సొంతంగా వండుకుంటే, 220 పెట్టుకుందాం. గది చాలాసార్లు ఖాళీగానే ఇస్తారు.. పరుపు, దుప్పటి, దిండు, రెండు గిన్నెలు కలిపి 200. సెకండ్ హ్యాండ్‌లో వెతికితే ఇంకా తక్కువకే అయిపోతుంది. సిమ్‌కి 15. సెమిస్టర్ ఫీజులో వచ్చే ట్రావెల్ పాస్ అక్టోబరు 1 నుంచే పనిచేస్తుంది కాబట్టి, అప్పటిదాకా, ఇల్లు వెతుక్కుంటూ తిరగడానికి 50.

ఇవన్నీ కలిపితే 1,635. అడ్వాన్స్ ఇంకా కలపలేదు.

అసలు దెబ్బ అడ్వాన్స్ దగ్గరే

జర్మనీలో దీన్ని కౌట్సియోన్ అంటారు. చట్టం ప్రకారం మూడు నెలల అద్దెకు మించి అడగకూడదు. అదీ హీటింగ్ ఖర్చులు తీసేసిన అద్దె మీద లెక్క. మన ఉదాహరణలో 480 చొప్పున మూడు నెలలకు 1,440. చాలామందికి తెలియని సంగతి.. ఈ మొత్తాన్ని మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు అద్దెకున్నవారికి ఉంది. మొదటి వాయిదా అద్దె మొదలైనప్పుడు, మిగతా రెండూ తర్వాతి రెండు నెలల అద్దెతో పాటు. ఓనర్లు మామూలుగా మొత్తం ఒకేసారి అడుగుతారు. మర్యాదగా అడిగి చూడండి. అయితే ఒక్క గదికి యాభై మంది పోటీ పడుతున్నచోట ఈ హక్కు గురించి గట్టిగా మాట్లాడితే గది ఇంకొకరికి పోవచ్చు. అందుకే రెండు రకాలుగానూ లెక్క వేసుకుని వెళ్లాలి.

వాయిదా అయితే మొదటి నెల మొత్తం 2,115. ఒకేసారి కడితే 3,075. రెండూ 992కి ఎంత దూరమో చూశారుగా.

వాయిదాల్లో కడితే రెండో నెల, మూడో నెల 1,465 చొప్పున అవుతుంది. నాలుగో నెలకు గానీ ఖర్చు 985కి దిగదు. అంటే మొదటి మూడు నెలల్లో, 992 టైముకి వచ్చినా, పైన ఇంకో 2,069 యూరోలు కావాలి. యూరోకి వంద రూపాయల చొప్పున వేసుకున్నా రెండు లక్షల పైమాటే. లోన్ తీసుకునేటప్పుడే ఈ మొత్తాన్ని కలిపి అడగడం మంచిది. పార్ట్ టైమ్ జాబ్ జీతం మొదటి నెల లెక్కలో వేసుకోవద్దు. పని వెంటనే దొరికినా జీతం నెలాఖరుకే వస్తుంది.

డబ్బు ఎలా తీసుకెళ్లాలి?

బ్లాక్డ్ అకౌంట్ సంగతి మర్చిపోయి, వెంటనే వాడుకోగలిగేలా కనీసం 3,100 యూరోలు దగ్గర ఉంచుకోండి. రిజర్వ్ బ్యాంకు రూల్స్ ప్రకారం ఒక ప్రయాణానికి నోట్ల రూపంలో 3,000 డాలర్ల విలువ దాకా తీసుకెళ్లవచ్చు. అంత నగదు జేబులో పెట్టుకుని తిరగమని చెప్పం. 400, 500 యూరోలు నోట్లు, మిగతాది ఫారెక్స్ కార్డులో అయితే నయం. బెర్లిన్‌లో ఇప్పటికీ నగదు తప్ప ఇంకేం తీసుకోని చిన్న షాపులు చాలా ఉన్నాయి.

ఇక్కడో చిక్కుంది. ఓనర్ అడ్వాన్స్‌ను బ్యాంకు ట్రాన్స్‌ఫర్‌గా అడుగుతారు. ఫారెక్స్ కార్డుతో స్వైప్ చేయొచ్చు, ఏటీఎంలో తీయొచ్చు కానీ ఇంకొకరి ఖాతాకు పంపడం కుదరదు. మీ ఖాతా ఇంకా తెరవకపోతే ఏటీఎంలో తీసి నగదుగా ఇచ్చి, సంతకంతో రసీదు తీసుకోండి. ఏటీఎం రోజువారీ లిమిట్ ఉంటుంది కాబట్టి రెండు మూడు రోజుల ముందు నుంచే తీయాలి.

గది చూడకముందు మాత్రం ఒక్క యూరో కూడా పంపొద్దు. ‘నేను వేరే దేశంలో ఉన్నా, అడ్వాన్స్ పంపితే తాళాలు పోస్టులో వస్తాయి’ అని మెసేజ్ వస్తే అది మోసమే. ఆ ఏరియా రేటు కన్నా అద్దె బాగా తక్కువ చెబితే ముందు అనుమానించండి.

ఇంకో చిన్న మాట. అడ్రస్ రిజిస్టర్ అయిన కొన్ని వారాలకు రేడియో, టీవీ ఫీజు కట్టమని ఒక ఉత్తరం వస్తుంది. ఇంట్లో టీవీ లేదు కదా అని చెత్తబుట్టలో వేయకండి. ఇది టీవీకి కాదు, ఇంటికి. నెలకు 18.36 యూరోలు, ఫ్లాట్ మొత్తానికి ఒక్కటే. మన విద్యార్థి ఫ్లాట్‌లో ముగ్గురున్నారు కాబట్టి అతని వాటా 6.12. ఇప్పటికే ఒకరు కడుతుంటే ఆ నంబరు రాసి తిరిగి పంపితే చాలు. నాలుగో నెలలో మిగిలాయనుకున్న ఏడు యూరోలు కూడా అలా అయిపోతాయి.. చేతిలో మిగిలేది 88 సెంట్లు.