గర్భసంచి మూతి: ఒక రిపోర్టు పుట్టుపూర్వోత్తరాలు

1960ల చివర్లో శ్రీకాకుళం పల్లెల్లో పరిశోధకులు ఇల్లిల్లూ తిరిగి నోళ్లు తెరిపించి చూశారు. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ తలపెట్టిన సర్వే అది. మన ఆడవాళ్లు చుట్ట నిప్పును నోట్లోకి తిప్పి కాల్చే అడ్డపొగ అలవాటు అంగిలిని ఏం చేస్తోందో తేల్చడం వాళ్ల పని. 1971లో ఆంధ్ర పల్లెల్లోని 10,169 మంది అంగిళ్ల గురించి వాళ్లు వ్యాసం అచ్చువేశారు. అంటే ఉత్తరాంధ్ర ఆడవాళ్లకు కేన్సర్ కోసం నోరు తెరవడం కొత్త కాదు.

రెండో మూతి సంగతే వేరు. గర్భసంచికీ మూతి అనే అంటాం, కానీ దాన్ని చూడటానికి వెలుతురొక్కటే చాలదు. స్పెక్యులమ్ కావాలి, తెర కావాలి, ఆడ సిబ్బంది కావాలి, అన్నిటికంటే ముందు ఆమె ఒప్పుకోవాలి. విజయనగరం ప్రసూతి ఆసుపత్రికి ఘోషాసుపత్రి అనే పేరు ఊరికే రాలేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30–49 ఏళ్ల ఆంధ్ర మహిళల్లో ఈ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నామన్నవాళ్లు నూటికి అయిదుగురు లోపే.

ఆ కొద్దిమందిలో ఒకామెను అప్పలనరసమ్మ అనుకుందాం. చీపురుపల్లి దగ్గర పల్లె, 41 ఏళ్లు, ముగ్గురు పిల్లల తల్లి. మనిషిని నేను కల్పించాను గానీ ఆమెకు ఎదురయ్యేవన్నీ రోజూ జరిగేవే. తెల్లబట్ట అవుతోందని వెళ్తే స్మియర్ తీశారు. వారం తర్వాత చేతికొచ్చిన కాగితంలో ‘ఏస్కస్’ అని ఉంది. ఊళ్లో సూదులేసే ఆయన అది చదివి, "ముందే తీయించీసుకుంటే మంచిదమ్మా" అన్నాడు. ఏం తీయించుకోవాలో చెప్పనక్కర్లేదు. ఆమె మళ్లీ డాక్టరమ్మ దగ్గరికెళ్లి అడిగింది: "ఇంతకీ నాకు కేన్సరేటమ్మా?"

జవాబు కోసం ఆ పరీక్ష ఎక్కడ పుట్టిందో చూడాలి. అది కేన్సర్ వార్డులో పుట్టలేదు, గినీపందుల బోనుల్లో పుట్టింది.

జార్జ్ పాపనికొలావ్ గ్రీసు దేశస్థుడు, 1913లో న్యూయార్క్ చేరాడు. పరిశోధనకు ఆడ గినీపందుల్లో అండం విడుదలయ్యే రోజు తెలియాలి. వాటిని కోయకుండా ఆ రోజును పసిగట్టడానికి రోజూ యోనిలోంచి కాస్త ద్రవం తీసి గాజుపలక మీద పులిమి సూక్ష్మదర్శినిలో చూసేవాడు. రోజు మారితే కణాల తీరు మారుతోంది. 1917లో అది అచ్చయింది. తర్వాత మనుషుల్లో చూడాలనుకున్నాడు. అందుకు ఏళ్ల తరబడి నమూనా ఇచ్చింది భార్య ఆండ్రొమాకి. ఈ పరీక్షకు ఆయన పేరే నిలిచింది గానీ సగం పేరు ఆమెకు రావాలని నాకనిపిస్తుంది.

అలా చూస్తుండగా కొందరి పలకల మీద కేంద్రకం ఉబ్బి, ముదురు రంగు తిరిగి, అంచులు చెదిరిన కణాలు కనిపించాయి. వాళ్లకు గర్భసంచి మూతి కేన్సర్ ఉంది. 1928లో ఆ సంగతి చెబితే ఎవరూ పట్టించుకోలేదు. అంతకు ముందు ఏడాదే రొమేనియాలో అవురెల్ బాబెష్ దాదాపు ఇదే మాట చెప్పాడు, అదీ మరుగున పడింది. ముక్క కోసి చూడటానికి అలవాటుపడ్డ వైద్యులకు, ఊడిపడిన కణాలు సాక్ష్యం చెబుతాయంటే నమ్మకం కుదరలేదు. హెర్బర్ట్ ట్రౌట్‌తో కలిసి 1941లో వ్యాసం, 1943లో పుస్తకం తెచ్చాకే దారి తెరుచుకుంది. 1947లో జె. ఎర్నెస్ట్ ఎయిర్ ఐస్‌ఫ్రూట్ పుల్లలాంటి చెక్క స్పాట్యులాతో నేరుగా మూతినే గీకి తీయడం మొదలుపెట్టాడు. నేటి స్మియర్ దాదాపు అదే.

ఆ పుల్లను ఎక్కడ తిప్పాలన్నదే అసలు విద్య. మూతి బయటి పొర, లోపలి కాలువ పొర కలిసే సరిహద్దు ఒకటుంది. కేన్సర్‌కు ముందు మార్పులు ఎక్కువగా పుట్టేది ఆ గట్టు మీదే. పుల్లను అక్కడ ఆనించి చుట్టూ పూర్తిగా తిప్పి, పలక మీద పులిమి, వెంటనే 95 శాతం ఆల్కహాల్‌లో వేయాలి. మన వేసవిలో ఫ్యాను కింద నిమిషం ఆలస్యమైతే పలక ఎండిపోతుంది. ఎండిన కణం ఉబ్బుతుంది, రంగు సరిగ్గా పట్టదు, మంచి కణమే చెడ్డదానిలా కనిపిస్తుంది. కొన్ని ‘అనుమానం’ రిపోర్టుల వెనక ఉన్నది ఆ ఫ్యానే.

ఇక మాటల సంగతి. పాపనికొలావ్ ఫలితాలను అయిదు తరగతులు చేశాడు: మొదటిది మామూలు, అయిదోది కేన్సర్. చిక్కంతా నడిమి తరగతులతో వచ్చింది. ఒక లేబరేటరీకి రెండో తరగతి అంటే వాపు, ఇంకో చోట అనుమానం. 1960ల చివర్లో రాల్ఫ్ రిచర్ట్ ముక్క పరీక్షకు సీఐఎన్ అనే కొలత తెచ్చాడు. పొర మందంలో అడుగు మూడో వంతు చెదిరితే 1, మూడింట రెండు వంతుల దాకా అయితే 2, దాదాపు మొత్తమైతే 3. 1988లో అమెరికాలోని బెథెస్డాలో నిపుణులు కూర్చుని స్మియర్‌కు వేరే భాష రాసుకున్నారు. ఏస్కస్ వచ్చింది అక్కడినుంచే. పొలుసు కణాలు తేడాగా ఉన్నాయి, ఎందుకో చెప్పలేం అని దాని అర్థం. డాక్టర్లు తమకు తెలియదని ఒప్పుకుంటూ కాగితం మీద పెట్టిన పేరు అది! మనూళ్లో అదే పేరు ఆపరేషన్‌కు ముహూర్తం పెట్టేస్తోంది.

ఏస్కస్ పైమెట్టు ఎల్‌సిల్. అది ఎక్కువగా హెచ్‌పీవీ అనే వైరస్ వచ్చిపోతున్న గుర్తు. హెచ్‌సిల్ అలా కాదు, అక్కడ ఆగడానికి లేదు. ‘ఏస్క్-హెచ్’ అని ఉన్నా, లోపలి కాలువలోని గ్రంథి కణాల్లో తేడా అని ఉన్నా అంతే. కాల్పోస్కోప్ అనే భూతద్దంతో చూసి ముక్క తీయాలి. ఇక మన రిపోర్టుల్లో తరచూ కనిపించే ‘ఇన్‌ఫ్లమేటరీ స్మియర్’ అంటే వాపు, అంతే. కారణం దొరికితే మందులు వాడతారు. అది కేన్సర్‌కు తొలిమెట్టు కాదు.

ఏస్కస్ ముడి విప్పింది ఇంకొకరు. జర్మనీలో హరాల్డ్ త్సుర్ హౌజెన్ బృందం 1983లో ఈ కేన్సర్ ముక్కల్లో హెచ్‌పీవీ 16 రకాన్ని, మరుసటేడు 18ని పట్టుకుంది. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది. దాంతో కణం ఎలా కనిపిస్తోందని కాక, వైరస్ ఉందా లేదా అని అడిగే వీలు కలిగింది.

అయితే ఉందన్నంత మాత్రాన ఏమిటి? దీనికి తెలుగు నేల మీదే జవాబుంది. 2005లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 41 కేన్సర్ ముక్కలను పరీక్షిస్తే 36 ముక్కల్లో ప్రమాదకర హెచ్‌పీవీ ఉంది. హైదరాబాద్ దగ్గరి మేడ్చల్ మండలంలో మామూలుగా ఇళ్లలో ఉన్న 185 మంది ఆడవాళ్లను పరీక్షిస్తే 19 మందిలో ఉంది. అంటే ఆరోగ్యంగా తిరిగే ప్రతి పదిమందిలో ఒకామెకు పాజిటివ్ రావచ్చు. వాళ్లలో అత్యధికులకు రెండేళ్లలో వైరస్ దానంతటదే పోతుంది. పోకుండా ఏళ్లకేళ్లు కూర్చున్నదే ప్రమాదం. ఇది కలయికలో అంటేదే గానీ ఎప్పుడు అంటిందో చెప్పడం కుదరదు. పదేళ్ల కిందటిదై ఇప్పుడు పైకి రావచ్చు. కాబట్టి ఈ కాగితం పట్టుకుని మొగుడు పెళ్లాన్నీ, పెళ్లాం మొగుణ్ణీ నిలదీయడానికి ఏమీ లేదు.

నెగెటివ్ విలువ పాజిటివ్ కంటే ఎక్కువ. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో లక్షా ముప్పై వేలమంది పల్లె స్త్రీలను నాలుగు గుంపులు చేసి ఎనిమిదేళ్లు చూశారు. 2009లో వచ్చిన ఫలితం ప్రకారం జీవితంలో ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన గుంపులో ఈ కేన్సర్ మరణాలు సగానికి తగ్గాయి. స్మియర్ గుంపులోనూ, వెనిగర్‌లాంటి పలచని ఎసిటిక్ ఆమ్లం పూసి తెల్లమచ్చ కోసం చూసే గుంపులోనూ అంత తగ్గుదల కనిపించలేదు. అయినా మన ఆరోగ్య కేంద్రాల్లో ఎక్కువగా దొరికేది ఆ ఆమ్లం పరీక్షే. చవక, ఒక్క నిమిషంలో తేలుతుంది. ముట్లు ఆగినవాళ్లలో మాత్రం గట్టు లోపలికి జరిగిపోతుంది కనుక నమ్మలేం.

అప్పలనరసమ్మ దగ్గరికొద్దాం. డాక్టరమ్మ హెచ్‌పీవీ పరీక్ష రాసింది. నెగెటివ్ అయి ఉంటే ఏస్కస్‌ను పక్కన పెట్టి మూడేళ్లకు రమ్మనేది. పాజిటివ్ వచ్చింది, 16, 18 కాని రకం. అందుకని కాల్పోస్కోపీ చేశారు. ఆమ్లం పూశాక గట్టు మీద పలచని తెల్లమచ్చ కనిపిస్తే చిన్న ముక్క తీశారు. సీఐఎన్ 1 అని వచ్చింది. అప్పుడు ఆమె అడిగిందే ఎవరైనా అడుగుతారు: "ఉందని తెలిసీ ఊరుకోమంతారేటమ్మా?"

ఊరుకోమన్నది 1కి, 3కి కాదు. 3ని వదిలేస్తే ఏమవుతుందో న్యూజీలాండ్‌లో చేదుగా తెలిసింది. ఆక్లండ్‌లోని ఒక ఆసుపత్రిలో 1960ల నుంచి హెర్బర్ట్ గ్రీన్ అనే వైద్యుడు అలాంటి కొందరు స్త్రీలకు పూర్తి చికిత్స చేయకుండా కనిపెట్టి చూశాడు. సరైన చికిత్స అందని వాళ్లలో ముప్పై ఏళ్లకు నూటికి సుమారు 31 మందికి కేన్సర్ వచ్చింది. అది తప్పు, దానిపై విచారణా జరిగింది. అందులోనే ఇంకో సంగతీ ఉంది: చివరి మెట్టు నుంచి కూడా కేన్సర్ రావడానికి ఏళ్లూ దశాబ్దాలూ పట్టింది. మొదటి మెట్టులో ఉన్నామెకు ఏడాది ఆగే వ్యవధి నిశ్చయంగా ఉంది. 3 అయి ఉంటే కరెంటు తీగతో ఆ గట్టు వరకే కోసి తీసేవారు, లేదా మచ్చ చిన్నదై పూర్తిగా కనిపిస్తే వేడితో మాడ్చేవారు. గర్భసంచి జోలికి వెళ్లనక్కర్లేదు.

వెళ్లడం మాత్రం మనకు అలవాటైపోయింది. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ల ఆంధ్ర మహిళల్లో నూటికి దాదాపు తొమ్మిదిమందికి గర్భసంచి లేదు, దేశం మొత్తం మీద మూడు. తెల్లబట్ట, నడుం నొప్పి, ‘ముందుముందు కేన్సరవుతుంది’ అనే భయం దాని వెనకున్న మాటల్లో కొన్ని. ముందుగా మూతి పరీక్షించకుండా తీస్తే ఇంకో అపాయం ఉంది. లోపల కేన్సర్ నిజంగా ఉంటే మామూలు ఆపరేషన్ చాలదు. తీసిన సంచి ముక్క పరీక్షలో ఆ సంగతి బయటపడితే రేడియేషన్‌కు పరుగెత్తాలి, సరైన ఆపరేషన్‌కు వీలు చేజారవచ్చు.

ఇదంతా ఏ ఇబ్బందీ లేనివాళ్ల లెక్క. కలయిక తర్వాత నెత్తురు కనిపించినా, ముట్లు ఆగాక మళ్లీ కనిపించినా పాత స్మియర్ బాగుందని ధైర్యం తెచ్చుకోకూడదు. కంటికి గడ్డ కనిపిస్తే స్మియర్ కాదు, ముక్క తీయాలి. ముదిరిన కేన్సర్ మీద చీము, నెత్తురు పేరుకుని పలకను కప్పేస్తాయి, అప్పుడు రిపోర్టు మామూలుగా రావచ్చు.

అప్పలనరసమ్మ ఏడాదికి మళ్లీ వెళ్లింది. ఈసారి నమూనా తనే తీసుకుంది. తెర వెనక మెత్తని బ్రష్ లోపల పెట్టి కొన్నిసార్లు తిప్పి గొట్టంలో వేసింది. మేడ్చల్ ప్రాంతంలోనే ఇలా తీసుకున్నవాటిని సిబ్బంది తీసినవాటితో పోల్చారు, ఫలితాలు చాలావరకు కలిశాయి. హెచ్‌పీవీ నెగెటివ్ వచ్చింది. మూడేళ్ల తర్వాతి తేదీని డాక్టరమ్మ పాత ఏస్కస్ కాగితం వెనకే రాసిచ్చింది. రేషన్ కార్డుతో పాటు ట్రంకుపెట్టెలో పెట్టింది ఆమె.