మిల్లు ముందా, కల్లం ముందా: పక్కింటి గొడవకి ఒక లెక్క

ఈ ఎపిసోడ్‌లో మనం 1879లో లండన్‌లో తీర్పు వచ్చిన ఒక చిన్న కేసు దగ్గర మొదలుపెట్టి, గుంటూరు జిల్లా ప్రత్తిపాడు దాకా వద్దాం. ఆ కేసులో పోట్లాడుకున్నది ఒక డాక్టరు, ఒక మిఠాయి వ్యాపారి. గొడవ దేని మీదంటే రోకలి చప్పుడు మీద. నిజంగానే.

లండన్‌లో విగ్‌మోర్ స్ట్రీట్ అని ఒక వీధి. అక్కడ బ్రిడ్జ్‌మన్ అనే మిఠాయి వ్యాపారి ఉండేవాడు. ఇంటి వెనక వంటగదిలో అతనికి రెండు పెద్ద రోళ్లు. చక్కెర గడ్డలు పగలగొట్టడానికి, గట్టి సరుకు దంచడానికి వాడేవాళ్లు. ఒక రోలు 60 ఏళ్లకు పైగా అక్కడే ఉంది, రెండోది 26 ఏళ్లుగా. 1865లో స్టర్జెస్ అనే డాక్టరు పక్కనున్న వింపోల్ స్ట్రీట్‌లో ఇల్లు తీసుకున్నాడు. ఎనిమిదేళ్లు ఏ పేచీ లేదు. 1873లో ఆయన పెరడు చివర, సరిగ్గా ఆ వంటగది గోడకి ఆనించి, రోగుల్ని చూసే గది కట్టుకున్నాడు. అక్కడితో మొదలైంది. స్టెతస్కోప్ పెట్టి రోగి గుండె చప్పుడు వినబోతే రోకలి చప్పుడు వినిపిస్తోంది! కోర్టుకెళ్లాడు.

మనలో చాలామందికి వెంటనే అనిపించేది ఏంటి? "మిఠాయాయన ఎప్పట్నుంచో ఉన్నాడు కదా, నువ్వెళ్లి ఆ గోడకే గది కట్టుకున్నావు, తప్పు నీదే" అని. బ్రిడ్జ్‌మన్ వాదనా అదే. ఇన్నేళ్లుగా దంచుతున్నాను కాబట్టి దంచే హక్కు నాకు వచ్చేసింది అన్నాడు. కోర్టు ఒప్పుకోలేదు. ఆ చప్పుడు ఎవర్నీ ఇబ్బంది పెట్టనన్నాళ్లూ దాని మీద కేసు వేసే అవకాశమే ఎవరికీ లేదు, కాబట్టి హక్కు గడియారం 1873లోనే మొదలైంది అంది. డాక్టరు గెలిచాడు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారే, అచ్చంగా అదే జరిగింది.

ఇప్పుడు 81 ఏళ్లు ముందుకి రండి. 1960లో రోనాల్డ్ కోస్ అనే ఆర్థికవేత్త ఒక పెద్ద వ్యాసం రాశాడు, అందులో ఈ కేసుని మళ్లీ బయటికి తీశాడు. ఆయన అడిగిన ప్రశ్న మాత్రం వేరు. తీర్పు సరైనదా కాదా అని కాదు, తీర్పు వచ్చాక ఆ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే ఏమవుతుంది అని.

కోస్ చెప్పిన మొదటి మాటే చాలామందికి మింగుడుపడదు. మిఠాయాయన డాక్టర్ని ఇబ్బంది పెడుతున్నాడు, నిజమే. అతన్ని ఆపేస్తే డాక్టరు మిఠాయాయన్ని ఇబ్బంది పెట్టినట్టు. నష్టం రెండు వైపులా ఉంది. ఎందుకంటే ఇద్దరికీ కావాల్సింది ఒకటే, ఆ గోడ దగ్గరి నిశ్శబ్దం. కాబట్టి "తప్పెవరిది" అని ఆగిపోకుండా, "ఎవరు సర్దుకుంటే మొత్తం ఖర్చు తక్కువ" అని కూడా అడగాలి అన్నాడు. నాకైతే ఈ మాట మొదట్లో దుర్మార్గంగా అనిపించింది. పొగ వదిలేవాణ్ని, పీల్చేవాణ్ని ఒకే గాటన కట్టేస్తున్నాడేంటి అనుకున్నా. లెక్క వేసి చూశాక అర్థమైంది, ఆయన ఎవర్నీ వెనకేసుకురావట్లేదని.

ఆ లెక్క మన ఊళ్లో వేద్దాం. ప్రత్తిపాడు పేరులోనే ప్రత్తి ఉంది, చుట్టూ పత్తి, మిరప చేలు. ఇక్కణ్నుంచి ఇది నేను ఊహించి చెప్తున్న కథ, అంకెలు కూడా నావే. ఒక జిన్నింగ్ మిల్లు ఉంది, పక్కనే ఒక మిరప రైతు కల్లం. పత్తి సీజను చివర్లో మిల్లు ఆడుతుంటుంది, అదే టైంకి కల్లంలో కాయ ఆరబోసి ఉంటుంది. మిల్లులోంచి ఎగిరిన దూది పీచు కాయ మీద పడుతుంది. రైతు 40 క్వింటాళ్లు గుంటూరు మిర్చి యార్డుకి తీసుకెళ్తే, వ్యాపారి ఆ పీచు చూపించి క్వింటాకి 1,000 రూపాయలు తగ్గిస్తాడు. అంటే సీజనుకి 40,000 నష్టం.

దీనికి మూడు దారులున్నాయి అనుకుందాం. ఆ నెలరోజులూ మిల్లు ఆపేస్తే ఓనరుకి 1,50,000 పోతుంది. పీచు బయటికి రాకుండా రేకులు, వలలు కట్టిస్తే 25,000. రైతు కల్లాన్ని దూరంగా ఇంకో చోటికి మార్చుకుంటే ట్రాక్టరు కిరాయి, స్థలం అద్దె, కాపలా అన్నీ కలిపి 15,000.

పీచు పడకుండా చూసుకునే హక్కు రైతుదే అని తేలిపోయిందనుకోండి. మిల్లు ఓనరు ఏం చేస్తాడు? రేకులు కట్టిస్తే 25,000 పోతుంది కాబట్టి ముందు రైతు దగ్గరికొస్తాడు. "బాబాయ్, ఈ నెల్రోజులు కల్లం అవతలికి మార్చుకో, ఇరవై వేలిస్తా" అంటాడు. రైతుకి ఖర్చు 15,000, చేతికి వచ్చేది 20,000. ఓనరుకి 5,000 మిగులు. ఇద్దరికీ గిట్టుబాటే. కల్లం మారుతుంది.

ఇప్పుడు తిరగేయండి. మిల్లు ఆడించుకునే హక్కు ఓనరుదే అని తేలింది. రైతుకి 40,000 పోగొట్టుకోవడం కన్నా 15,000 పెట్టి మారడమే నయం. మళ్లీ కల్లమే మారింది! హక్కు ఎవరికిచ్చినా చివరికి జరిగే పని ఒకటే, అన్నిటికన్నా చవకైన పని. దీన్నే తర్వాత జార్జ్ స్టిగ్లర్ అనే ఇంకో ఆర్థికవేత్త "కోస్ సిద్ధాంతం" అని పిలిచాడు.

ఒకవేళ కల్లం మార్చడానికి చోటే దొరకలేదనుకోండి. అప్పుడు చవకైనది రేకులు కట్టడం. హక్కు రైతుదైతే ఓనరే కట్టిస్తాడు. హక్కు ఓనరుదైతే 40,000 తప్పించుకోడానికి రైతే ఆ 25,000, పైన ఇంకొంచెం ఇచ్చి కట్టించమంటాడు. రెండు విధాలా రేకులు లేస్తాయి.

అయితే ఒక్కటి గమనించండి. జరిగే పని ఒకటే గానీ, డబ్బు ఎవరి జేబులోంచి పోయింది అన్నది ఒకటి కాదు. మొదటి కథలో రైతు 5,000 లాభపడ్డాడు, రెండో దాంట్లో 15,000 చేతి నుంచి పెట్టుకున్నాడు. 20,000 తేడా. కోస్‌ని పొగిడేవాళ్లు ఈ తేడాని తరచూ గబగబా దాటేస్తారు. మిరప పెట్టుబడికి అప్పు తెచ్చిన రైతుకి అది చిన్న విషయం కాదు. ఇంకా, ఆ కల్లం స్థలం కౌలుదైతే? ఒప్పందం చేసుకోవాల్సింది కౌలు రైతా, భూమి ఓనరా? ఇద్దరూ చేయి చాపితే మిల్లు ఓనరు "మీరు మీరు తేల్చుకుని రండి" అంటాడు. హక్కు ఎవరిదో స్పష్టంగా లేకపోతే బేరమే మొదలవ్వదు.

మరి మన దగ్గర హక్కు ఎవరిది? ఆ లండన్ తీర్పు వచ్చిన మూడేళ్లకే ఇండియన్ ఈజ్‌మెంట్స్ యాక్ట్ వచ్చింది, 1882 జులై 1 నుంచి అమలు. మొదట వర్తించిన చోట్లలో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి, అంటే మన ప్రాంతం కూడా. అప్పటికి గుంటూరు జిల్లా లేదు, కృష్ణా జిల్లాలో భాగం. గుంటూరు వేరే జిల్లా అయ్యింది 1904లో. ఆ చట్టం ప్రకారం ఒక వాడకం 20 ఏళ్ల పాటు బహిరంగంగా, గొడవ లేకుండా, అడ్డు లేకుండా సాగితే అది హక్కుగా మారొచ్చు. గాలినో నీటినో పాడుచేసే హక్కు గురించి కూడా అందులో ఉంది. ఎంత మేరకంటే, ఆ 20 ఏళ్ల మొదట్లో ఎంత పాడుచేసేవాడో అంతవరకే. అంటే అప్పట్లో రెండు జిన్నింగ్ మెషీన్లు ఆడించినవాడు ఇప్పుడు ఇరవై పెట్టి "మాది పాత మిల్లు" అంటే చెల్లదన్నమాట.

దీని మీద ఇప్పుడు ఇంకో పొర ఉంది. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం, 2000లో వచ్చిన శబ్ద నియమాలు. నివాస ప్రాంతంలో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. ఇది పక్కింటాయనకి డబ్బులిచ్చి కొనుక్కోగలిగిన హక్కు కాదు. ఆయన ఒప్పుకున్నా కాలుష్య నియంత్రణ మండలి ఒప్పుకోనక్కర్లేదు.

సరే, హక్కు తేలిపోయింది, మనుషులు నిజంగా బేరమాడతారా? వార్డ్ ఫార్న్స్‌వర్త్ అనే అమెరికన్ లా ప్రొఫెసర్ 1999లో దీన్నే పరీక్షించాడు. పక్కింటి గొడవల మీద కోర్టు తీర్పు దాకా వెళ్లిన 20 కేసులు తీసుకుని, వాటి లాయర్లతో మాట్లాడాడు. తీర్పు తర్వాత బేరం కుదిరినవి ఎన్నో తెలుసా? ఒక్కటి కూడా లేదు. అప్పటికే మొహమొహాలు చూసుకోలేని స్థితి. గెలిచినవాడికి ఆ హక్కు డబ్బుకి అమ్మే వస్తువులాగా అనిపించలేదు. అందుకే మా బాబాయ్ ఇరవై వేల ఒప్పందం కుదరాలంటే అది కోర్టు నోటీసుకి ముందే కుదరాలి, టీ కొట్టు దగ్గరో, పెద్దమనుషుల ముందో.

ఇద్దరి మధ్య గొడవే ఇలా ఉంటే, వందలమంది ఉన్నప్పుడో? దూరం వెళ్లక్కర్లేదు. 1990లలో నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్యల చెరువులు పెరిగాయి. ఉప్పునీళ్లు ఊటగా పక్క పొలాల్లోకి, తాగునీటి బావుల్లోకి దిగుతాయి. ఎవరి చెరువు ఉప్పు ఎవరి బావిలోకి వచ్చిందో ఎలా చెప్తాం? భూగర్భజలానికి సరిహద్దు రాయి లేదు. నష్టపోయినవాళ్లలో కూలీలున్నారు, జాలర్లున్నారు, వాళ్ల పేరు మీద ఏ పట్టా లేదు. ఊరంతా కలిసి ప్రతి చెరువు ఓనరుతో కూర్చుని రేటు మాట్లాడుకోవడం జరిగే పని కాదు. తమిళనాడుకి చెందిన గ్రామ స్వరాజ్య ఉద్యమ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పిచ్చి, తీర నియంత్రణ మండలంలో ఆ తరహా చెరువులు కుదరవంది. తర్వాత 2005లో పార్లమెంటు వేరే చట్టం చేసి ఆ రంగానికి ఒక అథారిటీ పెట్టింది.

కోస్‌కి ఇది ఆశ్చర్యం అనిపించేది కాదు. మాట్లాడుకోడానికి ఖర్చే లేని లోకం గురించి తన పేరుతో సిద్ధాంతం నడుస్తుంటే ఆయన విసుక్కునేవాడు. ఆయన చూడమన్నది ఆ ఖర్చునే. ఎవరెవరు కూర్చోవాలి, ఎన్ని రోజులు పడుతుంది, మాట తప్పితే ఎవరు అడుగుతారు. ప్రత్తిపాడు కల్లం దగ్గర ఆ ఖర్చు రెండు టీలు. తీరం ఊళ్లలో అదే ఖర్చు ఎవరూ మోయలేనంత అయింది.