ఆపమన్న చోట ఆగని ధర

ధర ఒక గీతను తాకేవరకు స్టాప్‌లాస్ ఆర్డర్ కదలదు. తాకిన క్షణంలో మామూలు మార్కెట్ ఆర్డర్‌గా మారి, ఎంతకైనా సరే అమ్మెయ్యమంటుంది. ఆ గీత దగ్గర కొనేవాడు ఉన్నాడా లేడా అన్నది దానికి పట్టదు. పట్టపగలు, సందడిగా ఉన్న మార్కెట్లో ఈ లోపం పైకి కనబడదు. 2010 నుంచి వచ్చిన కొన్ని ఆకస్మిక పతనాలు దాన్ని బయటపెట్టాయి.

2010 మే 6న న్యూయార్క్‌లో నలభై డాలర్ల యాక్సెంచర్ షేరు ఒక్క సెంటుకు అమ్ముడుపోయింది. కొనుగోలు కోట్ ఏదో ఒకటి ఉంచాలన్న నిబంధన కోసం మార్కెట్ మేకర్లు నామమాత్రంగా పెట్టిన ధర అది. పైనున్న అసలు కోట్లన్నీ మాయమవగానే మార్కెట్ ఆర్డర్లు నేరుగా అక్కడిదాకా జారిపోయాయి. ఇది పగటిపూట జరిగింది. రాత్రి వేళల్లో ఇంత దూరం జారడానికి అంత ఒత్తిడి కూడా అక్కర్లేదు.

2016 అక్టోబర్ 7న పౌండుకు జరిగింది చూడండి. లండన్‌లో అర్ధరాత్రి దాటి ఏడు నిమిషాలు, మనకు తెల్లవారుజామున 4.37. న్యూయార్క్ వాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు, ఆసియా డెస్కుల దగ్గరికి అందరూ ఇంకా రాలేదు. 1.26 డాలర్ల దగ్గరున్న పౌండు నిమిషాల్లోనే సుమారు 1.14కు పడి, అంతే త్వరగా చాలావరకు తేరుకుంది. అంతర్జాతీయ సెటిల్‌మెంట్ల బ్యాంకు కమిటీ దీన్ని విచారించి, దోషి ఒక్కరే కాదని తేల్చింది. అమ్మకాల ఒత్తిడి వచ్చిన వేళే బాగాలేదు. షికాగోలో పౌండు ఫ్యూచర్స్ ట్రేడింగ్ కాసేపు ఆగింది. ఆ ధర చూసే తమ కోట్లు నిర్ణయించుకునే బ్యాంకులు కళ్లకు గంతలు కట్టినట్టయి వెనక్కి తగ్గాయి. ఆప్షన్ల రక్షణ కోసం చేసే అమ్మకాలు, స్టాప్‌లాస్‌లు దీనికి తోడయ్యాయి.

ఇలాంటి వేళ ఒక ఆర్డర్ ఏమవుతుందో ఊహాలెక్కతో చూద్దాం. ఒకరు 1.26కు పది లక్షల పౌండ్లు కొని, 1.25 దగ్గర స్టాప్ పెట్టారు. పోతే పదివేల డాలర్లే పోతాయని లెక్క. స్టాప్ పేలిన క్షణంలో బుక్‌లో రెండు లక్షలకు 1.2490, మూడు లక్షలకు 1.24, మిగతా ఐదు లక్షలకు 1.22 మాత్రమే కొనుగోలు ధరలున్నాయి. సగటు 1.2318 వస్తుంది. నష్టం 28,200 డాలర్లు. పైగా 1.22 ధర తెరమీదికి రాగానే 1.24, 1.23 దగ్గర కాచుకున్న ఇతరుల స్టాప్‌లూ పేలతాయి. అందరూ గుండ్రటి అంకెల దగ్గరే స్టాప్‌లు పెట్టుకోవడం వల్ల ఒకరి అమ్మకం మరొకరి ట్రిగ్గర్ అవుతుంది. కొద్దిసేపట్లో ధర పైకి వచ్చినా, అమ్ముడైనవారికి దాంతో ఒరిగేదేమీ లేదు.

2019 జనవరి 3న యెన్ విషయంలోనూ ఇంతే. జపాన్‌లో సెలవు, అమెరికాలో రోజు ముగిసింది, అప్పటికే ఆపిల్ అమ్మకాలు తగ్గుతాయన్న ప్రకటన వచ్చింది. ఆస్ట్రేలియా డాలరు యెన్‌తో పోలిస్తే నిమిషాల్లో దాదాపు 7 శాతం పడింది. 2021 ఆగస్టు 9న, జపాన్, సింగపూర్ రెండూ సెలవులో ఉండగా, బంగారం ఔన్సుకు 1,760 డాలర్ల ప్రాంతం నుంచి 1,690 కిందికి జారింది. అప్పుడు మన ఎంసీఎక్స్ ఇంకా తెరవలేదు. తెరిచేసరికి ధర చాలావరకు కోలుకుంది కాబట్టి, ఇక్కడివారి స్టాప్‌లు అట్టడుగున పేలే ప్రమాదం తప్పింది.

అయితే మూసి ఉన్న మార్కెట్ ప్రతిసారీ కాపాడదు. 2020 ఏప్రిల్ 20న లాక్‌డౌన్ వేళల కారణంగా ఎంసీఎక్స్ సాయంత్రం 5కే మూసేసింది. ఆ రాత్రే అమెరికాలో ముడి చమురు సున్నా కిందికి పోయింది. 965 రూపాయల దగ్గర ఆగిన కాంట్రాక్టును చివరికి మైనస్ 2,884కు సెటిల్ చేశారు. మధ్యలో ఒక్క ట్రేడూ లేకపోతే ఏ స్టాప్ అయినా ఏం చేయగలదు?

క్రమంగా ఎక్స్ఛేంజీలే వెనక్కి తగ్గాయి. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2016 ఫిబ్రవరిలో స్టాప్ ఆర్డర్లు తీసుకోవడం మానేసింది. విచిత్ర ధరలకు ట్రేడులు జరిగాక, ఎన్ఎస్ఈ 2021 సెప్టెంబరు 27 నుంచి ఆప్షన్లలో మార్కెట్ ధర స్టాప్‌లాస్‌ను తీసేసింది. కింది హద్దు రాసే స్టాప్‌లాస్ లిమిట్ మాత్రం మిగిలింది. మార్పు మంచిదేనని నా అభిప్రాయం. కానీ దానికీ ధర చెల్లించాలి. ట్రిగ్గర్ 100, లిమిట్ 95 పెట్టినవారి ఆప్షన్ 101 నుంచి నేరుగా 90కి దూకితే, ఆర్డర్ 95 దగ్గర అలాగే ఉండిపోతుంది; కింద నష్టం పెరుగుతూనే ఉంటుంది. ఇక 95 ఇచ్చే కొనుగోలుదారు వచ్చేదాకా కాచుకోవాలా, దొరికిన ధరకు వదిలించుకోవాలా అన్నది మనిషే తేల్చుకోవాలి.