ఛాయాచిత్రం వెనుక రాత: ఎత్తిరాతలో కాలనిర్ణయం

పాత కుటుంబ ఛాయాచిత్రం వెనుక ఉన్న రాతను ఎత్తి రాసేటప్పుడు చిత్రం తీసిన కాలాన్నీ, రాత రాసిన కాలాన్నీ ఒకటిగా భావించడం తరచుగా జరుగుతుంది. కడప జిల్లా రాజుపాలేనికి చెందిన ఒక చిత్రం వెనుక నీలి సిరాతో “విజయ, మాఘ శు॥ ౫” అనీ, దాని కింద బాల్‌పెన్నుతో “రాజుపాలెం మండలం” అనీ ఉన్నదనుకుందాం.

విజయ నామ సంవత్సరం 1953 ఉగాదితో మొదలైంది. మాఘం ఆ సంవత్సరాంతానికి దగ్గరి మాసం. కనుక ఈ తిథి 1954 ఫిబ్రవరిలో వస్తుంది; 1953 అని రాయడం పొరపాటు. అయితే అరవై ఏళ్లకు అదే పేరు తిరిగి వస్తుంది. 1894, 2014 కూడా సాధ్యమే కాబట్టి కాగితం, దుస్తులు, చిత్రంలోని వారి వయస్సు చూసి తేల్చాలి.

రెండవ పంక్తి తరువాతి చేరిక. ఆంధ్రప్రదేశ్‌లో మండలాలు 1985లో ఏర్పడ్డాయి. అంతకుముందు ఉన్నవి తాలూకాలు. చిత్రం 1954 నాటిదైతే ఈ పంక్తి కనీసం మూడు దశాబ్దాల తరువాతిది. చిత్రంలోని ఒకరి పేరు ముందు వేరే సిరాతో “కీ॥శే॥” ఉంటే అదీ అలాంటి చేరికే.

అందువల్ల ఎత్తిరాతలో పంక్తులను ఉన్నవి ఉన్నట్లే విడగొట్టాలి. సిరా మార్పును చదరపు కుండలీకరణాల్లో చూపి, తేదీ మార్పిడిని విడిగా ఇవ్వాలి. “మండలం” అన్నదాన్ని “తాలూకా”గా సరిదిద్దితే ఆ చేరిక కాలాన్ని చెప్పే ఆధారమే పోతుంది.